ఎడమకాలి మీద దిగే ఆ ఒక్క అడుగు: షటిల్ ఆటగాడి మోకాలు, మడమ, భుజం

కుడిచేతి వాటం షటిల్ ఆటగాళ్లకు మోకాలి ఏసీఎల్ లిగమెంటు తెగిన సందర్భాలను వరసబెట్టి చూస్తే ఒకే దృశ్యం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. అవతలివాడు వెనక ఎడమ మూలకు ఎత్తుగా వేస్తాడు. బ్యాక్‌హ్యాండ్ ఆడడం ఇష్టంలేక ఆటగాడు తల మీదుగా ఎడమవైపు షటిల్‌ను అందుకునే రౌండ్ ది హెడ్ కొట్టడానికి వెనక్కి ఎగురుతాడు. గాలిలో కాళ్లు కత్తెరలా మారతాయి. ముందుగా ఎడమకాలు ఒక్కటే, నడుముకు బాగా వెనగ్గా నేల తాకుతుంది. ఒళ్లు ఇంకా ఎడమకు, వెనక్కి వాలుతూనే ఉంటుంది. చూపు షటిల్ వెంట నెట్ దాటిపోయి ఉంటుంది. మోకాలు లోపలికి ఒరుగుతుంది, 'టక్'మంటుంది.

కరోలినా మారిన్ ఎడమచేతి వాటం క్రీడాకారిణి కాబట్టి ఆమెకు ఇది అద్దంలో తిరగబడుతుంది. 2019 జనవరిలో ఇండోనేషియా మాస్టర్స్ ఫైనల్లో సైనా నెహ్వాల్ మీద 10-4తో ముందున్నప్పుడు ఎగిరి దిగుతుండగా దెబ్బతిన్నది ఆమె కుడి మోకాలే. మనకు తెలిసిన మరో మోకాలు గోపీచంద్‌ది. 1994లో డబుల్స్ ఆడుతుండగా లిగమెంటు తెగింది, 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ఆ ఏడేళ్ల గురించి అందరూ చెప్పుకుంటారు గానీ, తెగడం ఎంతసేపట్లో జరుగుతుందో చెప్పుకునేవారు తక్కువ. ఇతర ఆటల వీడియోలను కొలిచి చూసినప్పుడు, పాదం నేల తాకాక దాదాపు 40 మిల్లీసెకన్లలోనే లిగమెంటు తెగుతున్నట్టు తేలింది. కాలు జారుతోందని మెదడుకు తెలిసి, కండరాన్ని బిగించమని చెప్పేలోపు అంతకు రెండింతలకు పైగా సమయం గడిచిపోతుంది. అంటే దిగాక సర్దుకోవడం కుదరదు. గాలిలో ఉండగానే తొడ వెనుక కండరాలు, పిరుదు కండరాలు బిగుసుకుని సిద్ధంగా ఉండాలి. అది ఆలోచనతో వచ్చేది కాదు, వందలసార్లు సరిగ్గా దిగితే ఒంటికి పట్టే అలవాటు.

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు కోర్టుల్లో 'పవర్ ట్రైనింగ్' అనగానే సాధారణంగా కనిపించేది స్టేడియం మెట్ల మీద గెంతులు, వెయ్యి స్కిప్పింగులు, మోకాళ్లు ఛాతీకి తగిలేలా ఎగరడాలు. ఇవన్నీ ఇంజన్‌ను పెంచుతాయి, బ్రేకు మాత్రం పాతదే ఉంటుంది. షటిల్‌లో ఒంట్లో మూడుచోట్ల బ్రేకులు పడతాయి. వెనక మూలలో ఎడమకాలు ఒంటరిగా దిగినప్పుడు, నెట్ దగ్గర కాలు ముందుకు చాచి వంగే లంజ్‌లో కుడిమడమ నేలను కొట్టినప్పుడు, స్మాష్ తర్వాత ముందుకు దూసుకెళ్తున్న చేతిని భుజం వెనుక కండరాలు ఆపినప్పుడు. ఎగిరే ఎత్తు, అడుగు వేగం, స్మాష్ వేగం ఈ మూడు బ్రేకులు తట్టుకునేంతవరకే పెంచుకోవాలి.

లెక్క తేలికగా అర్థం కావడానికి ఒక ఆటగాడిని ఊహించుకుందాం. పదిహేడేళ్లు, కుడిచేతి వాటం, 60 కిలోలు, వారానికి ఐదు రోజులు ఆట. కుడి మోకాలి చిప్ప కింద లంజ్ చేసినప్పుడు నొప్పి. రెండేళ్ల కిందట ఎడమ చీలమండ మడతపడింది, పదిరోజులు వాపు ఉండి పోయింది, తర్వాత ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. జంప్ స్మాష్ ఎత్తు పెంచుకోవాలన్నది అతని కోరిక.

ఇతన్ని కొలవడానికి కావలసినవి టేపు, ఒక మెట్టు, స్లో మోషన్ ఉన్న ఫోను. మొదట ఒంటికాలి గెంతు: ఒక కాలిమీద నిలబడి ముందుకు గెంతి, అదే కాలిమీద దిగి కదలకుండా ఆగాలి. మూడేసి ప్రయత్నాల్లో ఉత్తమమైనది తీసుకోవాలి. కుడికాలు 168 సెంటీమీటర్లు, ఎడమకాలు 146 వచ్చాయనుకుందాం. 146ను 168తో భాగిస్తే 87 శాతం. రెండు కాళ్ల మధ్య కనీసం 90 శాతం ఉండాలన్నది వాడుకలో ఉన్న గీత. ఇందులో వింత లేదు. లంజులన్నీ కుడికాలి మీదే పడతాయి కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ కుడితొడ గట్టిపడుతుంది. వెనక మూలలో ఒంటరిగా బరువు మోయాల్సిన ఎడమకాలు వెనకబడిపోతుంది.

రెండోది 20 సెంటీమీటర్ల మెట్టు మీది నుంచి ఎడమకాలి మీద దిగి మూడు సెకన్లు నిలబడడం. మోకాలి చిప్ప మధ్యలో చిన్న స్టిక్కరు అంటించి, ఎదురుగా మోకాలి ఎత్తులో ఫోను పెట్టి తీయాలి. దిగినప్పుడు స్టిక్కరు కాలి రెండోవేలు పైన ఉంటే సరి. బొటనవేలు దాటి లోపలికి పోతే, లేదా అవతలివైపు తుంటి కిందికి జారితే, లేదా ఒళ్లు దిగిన కాలివైపే ఒరిగితే బ్రేకు సరిగా లేదని అర్థం. మామూలు వేగంలో కంటికి బాగానే కనిపించే దిగుడు స్లో మోషన్‌లో తరచూ ఇలా బయటపడుతుంది. మన ఆటగాడిలో మోకాలు లోపలికి పోవడమే కాదు, ఎడమ పాదం బయటికి తిరిగి, పాదం లోపలివైపు వంపు కూడా నేలకు అణిగిపోయింది.

దీనికి తుంటిని నిందించి పిరుదు వ్యాయామాలు రాసిచ్చేయడం తొందరపాటు. మూడో కొలత చూడాలి. చెప్పుల్లేకుండా గోడకు ఎదురుగా పాదం పెట్టి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకాలి. తాకగలిగినంతవరకు పాదాన్ని వెనక్కి జరుపుతూ, బొటనవేలికీ గోడకూ మధ్య దూరం కొలవాలి. కుడివైపు 11 సెంటీమీటర్లు, ఎడమవైపు 7 వచ్చింది. అసలు సంగతి ఇక్కడుంది. పాత బెణుకు తర్వాత చీలమండ బిగుసుకుపోయింది. దిగినప్పుడు పిక్క ముందుకు వంగడానికి చోటు లేదు. వంగాల్సిన ఒళ్లు ఎక్కడో ఒకచోట వంగాలి గనక పాదం బయటికి తిరిగి, వంపు అణిగి, మోకాలు లోపలికి పడుతోంది. ఇలాంటి కాలితో వెయ్యి గెంతులు గెంతిస్తే తప్పునే వెయ్యిసార్లు నేర్పినట్టు.

కాబట్టి మొదటి పని గెంతడం కాదు. గోడకు మోకాలు తాకించే అదే కదలికను రోజుకు రెండుసార్లు, పదిహేనేసి చొప్పున రెండు విడతలు చేయాలి. పిక్క సాగదీత 30 సెకన్లు మూడుసార్లు. మెట్టు అంచున నిలబడి రెండు కాళ్లతో పైకి లేచి, ఎడమకాలొక్కదానితో మూడు సెకన్లు తీసుకుంటూ మడమ కిందికి దించడం పన్నెండేసి మూడు విడతలు. నాలుగైదు వారాల్లో ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగితే దారి సరైనదే. ఒక్క జాగ్రత్త: సాగదీసినప్పుడు లాగడం పిక్కలో తెలియాలి. దానికి బదులు చీలమండ ముందువైపు ఏదో నొక్కుకున్నట్టు అనిపిస్తే అడ్డు కీలులోనే ఉంది. దాన్ని ఇంట్లో బలవంతంగా గుంజకుండా ఫిజియోకు చూపించాలి.

దిగడం నేర్పే వరస ఎనిమిది వారాలు పడుతుంది. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం 48 గంటల విరామంతో, ఆటకు ముందు చేయించాలి. ఆట అయ్యాక అలిసిన కాళ్లతో చేయిస్తే కాళ్లు నేర్చుకునేది అలసటలో దిగే తప్పుడు తీరునే. మొదటి రెండు వారాలు రెండు కాళ్లతోనే. మునివేళ్ల మీద నిలబడి, చేతులు పైకెత్తి, ఒక్కసారిగా కిందికి కూర్చున్నట్టు పడి ఆగాలి. తర్వాత 15 సెంటీమీటర్ల మెట్టు మీంచి దిగాలి. ఐదేసి చొప్పున మూడు విడతలు, ప్రతి దిగుడుకూ మూడు సెకన్లు శిలలా ఆగడం. పాదం ముందుభాగం తాకి, వెంటనే మడమ మెత్తగా ఆనాలి. తుంటి వెనక్కి వెళ్లాలి. చప్పుడు వినండి. 'దబ్'మంటే మోకాలు గట్టిగా నిలబడిపోయినట్టు, మెత్తగా ఉంటే కండరం బరువు తీసుకున్నట్టు. మ్యాట్ మీద కంటే గచ్చు మీద ఈ తేడా బాగా వినపడుతుంది. గచ్చు వల్ల ఒనగూడే ఏకైక లాభం ఇదే.

ఒంటికాలి మెట్టు ఎక్కడానికి ముందు చిన్న పరీక్ష ఉంది. మామూలు కుర్చీ ఎత్తు నుంచి ఒంటికాలి మీద, చేతి సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవాలి, మోకాలు వణకకూడదు. ఇది రాకపోతే ఒంటికాలి దిగుళ్లు వాయిదా వేసి, ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి కూర్చుని లేచే స్ప్లిట్ స్క్వాట్, ఒంటికాలి మీద నడుము వంచి లేచే డెడ్‌లిఫ్ట్ చేయించాలి. చేతుల్లో 8 కిలోల డంబెల్స్‌తో మొదలుపెట్టి, ఎనిమిదేసి మూడు విడతలు, ఎడమకాలికి ఒక విడత అదనంగా. పరీక్ష దాటినవారు మూడు, నాలుగు వారాల్లో ఒంటికాలి మీద ముందుకు, తర్వాత పక్కకు, ఆఖరున వెనక్కి దిగుతారు. ఐదు, ఆరు వారాల్లో షటిల్ లేకుండా ఎడమ మూలకు షాడో: పూర్తి అడుగులు, కత్తెర ఎగురు, ఎడమకాలు, వెంటనే కుడికాలితో ముందుకు. నాలుగేసి నాలుగు విడతలు చాలు. ఏడు, ఎనిమిది వారాల్లోనే కోచ్ చేతితో షటిళ్లు వేస్తాడు, అదీ ఏ మూలకు వేస్తాడో ముందు చెప్పకుండా. చూపు, మనసు షటిల్ మీద ఉన్నప్పుడు కూడా దిగుడు చెడకపోతేనే అది నేర్చుకున్నట్టు.

ఈ దశలో ఫుట్‌వర్క్ సంగతి కూడా బయటపడుతుంది. చాలామంది మోకాలు లోపలికి పోయేది బలం లేక కాదు, షటిల్ కిందికి ఆలస్యంగా చేరడం వల్ల. షటిల్ తల వెనక్కి వెళ్లిపోయాక కొడితే నడుము ఎడమకు విరిగినట్టు వంగాల్సిందే, కాలు ఒంటికి చాలా దూరంగా పడాల్సిందే. ఇంకో చిన్న అడుగు వేసి షటిల్ వెనక్కి చేరితే తుంటి పాదానికి పైకి వస్తుంది. ఆ అడుగుకు సమయం లేకపోతే ఎగరకుండానే అవతలి వెనక గీత దాకా ఎత్తుగా క్లియర్ వేసి బయటపడాలి. ఒక పాయింటు కోసం గెలవలేని చోట స్మాష్ కొట్టే కుర్రాళ్లకు ఈ మాట ఎక్కించడం ఏ వ్యాయామం నేర్పడం కన్నా కష్టం.

ఎత్తు పెంచే గెంతులు ఐదో వారం నుంచి కలపవచ్చు. 40 సెంటీమీటర్ల పెట్టె మీదికి ఎగరడం, కిందికి మాత్రం నడిచి దిగడం మంచి మొదలు, ఎందుకంటే ఇందులో శ్రమ పైకే ఉంటుంది, దెబ్బ తక్కువ. మూడేసి చొప్పున నాలుగు విడతలు, మధ్యలో పూర్తిగా ఒకటిన్నర నుంచి రెండు నిమిషాల విశ్రాంతి. పక్కకు ఒంటికాలి గెంతులు కాలికి నాలుగేసి మూడు విడతలు. ఇక్కడే కోచ్‌లకు ఓపిక ఉండదు. పిల్లవాడు రెండు నిమిషాలు ఊరికే నిలబడితే ఫీజు దండగైనట్టు అనిపిస్తుంది. విశ్రాంతి లేకుండా గెంతిస్తే చెమట పడుతుంది, పేలుడు వేగం రాదు. కాళ్లు నేల తాకే లెక్క మొదట్లో ఒక పూటకు 40 నుంచి 60, చివరికి వంద దాటకూడదు. ఎగిరే ఎత్తు కంటికి తగ్గినట్టు కనిపించినా, దిగే చప్పుడు పెరిగినా లెక్క పూర్తికాకపోయినా ఆపేయాలి.

ఇక కుడికాలు. లంజ్‌లో మడమ నేలను కొట్టినప్పుడు ఒంటి బరువుకు రెండింతలకు పైగా ఒత్తిడి పడుతుంది. మన ఆటగాడికి 120 కిలోల పైమాటే, అదీ మ్యాచ్‌లో ఎన్నోసార్లు. మడమ ముందు తాకాలి, పాదం వెళ్తున్న దిక్కుకే చూడాలి, మోకాలు పాదం దారినే వంగాలి. ఎడమకాలు వెనక వదిలేసినట్టు కాకుండా, బొటనవేలి లోపలి అంచు నేలను రాసుకుంటూ రావాలి. ఆ రాపిడే రెండో బ్రేకు. ఎడమ బూటు ముందుభాగం లోపలి అంచు అరిగి ఉంటే ఆ కాలు పనిచేస్తోందని గుర్తు. బూటు కొత్తగానే ఉండి కుడి మోకాలు నొప్పెడుతుంటే మొత్తం బరువు ఒక్క కుడిచిప్ప కింది నరంలాంటి గట్టి పట్టీ మీదే పడుతోందన్నమాట. మన ఆటగాడి నొప్పి అదే, దాన్నే ఫిజియోలు పటెల్లా టెండన్ అంటారు.

ఈ నొప్పికి పూర్తి విశ్రాంతి ఇస్తే పది రోజుల్లో తగ్గుతుంది, ఆట మొదలుపెట్టగానే తిరిగి వస్తుంది. టెండన్ బరువు మోస్తేనే గట్టిపడుతుంది. మొదట గోడకు ఆనుకుని కుర్చీలా కూర్చోవడం, 45 సెకన్లు ఐదుసార్లు, మధ్యలో రెండు నిమిషాలు. తర్వాత నెమ్మదైన లంజ్: మూడు సెకన్లు దిగి, ఒక సెకను ఆగి, మడమతో నేలను నెట్టి వెనక్కి. ఆ తర్వాతే వేగంగా వెళ్లి ఆగడం, చివరికి వేగంగా వెళ్లి వేగంగా వెనక్కి రావడం. పదికి లెక్కేస్తే నొప్పి 3 దాటనంతవరకు, మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు నిన్నటికంటే ఎక్కువ లేనంతవరకు కొనసాగించవచ్చు. మర్నాడు పెరిగితే ఆ మెట్టు నుంచి ఒకటి కిందికి దిగాలి. మోకాలికి గట్టి పట్టీ కట్టుకుని ఆడడం నొప్పిని కొంత కప్పుతుంది గానీ టెండన్‌ను బలపరచదు.

భుజానికి అంత పెద్ద కథ అక్కర్లేదు, ఎందుకంటే చేయాల్సింది తక్కువ, చేయకపోవడమే ఎక్కువ. స్మాష్‌లో ముందుకు తిప్పే కండరాలు పెద్దవి, ఆటే వాటిని పెంచుతుంది. ఆపే కండరాలు భుజం వెనుక చిన్నవి, వాటిని ఎవరూ పెంచరు. వెల్లకిలా పడుకుని మోచేతిని భుజం ఎత్తున పక్కకు చాచి, తొంభై డిగ్రీలు వంచి, భుజం నేల నుంచి లేవకుండా అరచేతిని పాదాల వైపు నేలకు వాల్చి చూడండి. ఆడే చేయి రెండో చేతికంటే బాగా ముందే ఆగిపోతే వెనకభాగం బిగుసుకుంది. అదే చేతిని ఛాతీ మీదుగా అడ్డంగా లాగి 30 సెకన్లు మూడుసార్లు పట్టుకోవాలి. బలానికి రబ్బరు బ్యాండు కావాలి. సైకిల్ షాపులో పాత ట్యూబు అడిగితే చాలు, పగుళ్లు ఉన్నచోట కత్తిరించేయండి, తెగితే మొహానికి తగులుతుంది. కిటికీ ఊచకు కట్టి, మోచేతికీ పక్కటెముకలకూ మధ్య మడిచిన టవలు పెట్టి, చేతిని బయటికి తిప్పాలి. తిరిగి లోపలికి వచ్చేటప్పుడు మూడు సెకన్లు. అసలు పని ఆ మూడు సెకన్లలోనే ఉంది. పదిహేనేసి మూడు విడతలు, వారానికి మూడు రోజులు, ఆట అయ్యాక. ముందే చేసి ఆ చిన్న కండరాలను అలసిపోనిచ్చి స్మాష్‌లకు దిగడం బ్రేకు అరగదీసి బండి తీసినట్టే. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకుంటే నొప్పి లేపుతున్నా, చేయి పక్కనుంచి పైకెత్తేటప్పుడు మధ్యలో ఒకచోటే గుచ్చుకున్నట్టు ఉన్నా స్మాష్‌లు ఆపి చూపించుకోవాలి.

ఈ ప్రణాళిక మన దగ్గర ఎక్కువగా దెబ్బతినేది మే నెలలో. ఏడాదంతా వారానికి మూడు గంటలు ఆడిన పిల్లలు సమ్మర్ క్యాంపులో రోజుకు మూడు గంటలు దిగుతారు. వరంగల్ ఎండలకు పొద్దున ఏడు దాటితే రేకుల షెడ్డు కింద నిలవలేం, మ్యాట్ మీద చెమట చుక్కలు కనపడవు, బ్రేకు పడాల్సిన చోట పాదం జారుతుంది. బయట వేసుకున్న బూట్లతో వచ్చిన ఎర్రమట్టి దుమ్ము కూడా అదే పని చేస్తుంది. తడిగుడ్డ పక్కన పెట్టుకుని అడుగున తుడుచుకోవడం, బయట తిరిగే రన్నింగ్ బూట్లతో ఆడకపోవడం చాలావరకు కాపాడతాయి. రన్నింగ్ బూటు మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. పక్కకు ఆగినప్పుడు చీలమండ దాని మీంచి ఒరిగిపోతుంది. మ్యాట్ కింద చెక్క లేకుండా నేరుగా గచ్చు ఉన్న కోర్టులో గెంతుల లెక్కను మూడోవంతు తగ్గించాలి. క్యాంపు మొదటి వారం మునుపటి గంటలకు కొద్దిగానే కలిపి, వారంవారం పెంచుకుంటూ పోవాలి.

అన్ని జాగ్రత్తలు తీసుకున్నా 'టక్' వినపడే రోజు రావచ్చు. మోకాలు కొన్ని గంటల్లోనే కుండలా వాచి, నిలబడితే జారిపోతున్నట్టుంటే లోపల రక్తం చేరిందనే అనుకోవాలి. ఆ రోజు మర్దన, నాటుకట్టు రెండూ వద్దు. కట్టు ఎముకను నిలపగలదేమో గానీ కీలు లోపల తెగిన లిగమెంటును అతికించలేదు. కట్టుతో వాపు తగ్గి నడక వచ్చాక మళ్లీ కోర్టులోకి దిగితే, బ్రేకు లేని కీలులో మెత్తలా ఉండే మినిస్కస్ కూడా నలుగుతుంది. గుడ్డ చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు పెట్టి, కాలు ఎత్తుగా ఉంచి, బరువు మోపకుండా ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎక్స్‌రేలో ఎముక బాగుంటే ఇంటికి వచ్చేయకూడదు, లిగమెంటు ఎక్స్‌రేలో కనపడదు. మోకాలిని చేత్తో ముందుకు లాగి చూసే పరీక్ష, అవసరమైతే ఎంఆర్ఐ చేయమని అడగాలి.